ముక్కులో రక్తం, గుండెలో మెటల్ వాల్వ్, మధ్యలో ఆపేసిన మాత్ర

డాక్టర్ గారికి నమస్కారం. మా మామగారికి 71 ఏళ్లు. పదమూడేళ్ల కింద మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం రక్తం పల్చబరిచే అసిట్రోమ్, పొద్దున బీపీ మాత్ర. పోయిన నెలలో నాలుగుసార్లు ముక్కులోంచి రక్తం కారింది. మూడోసారి ఎంతకీ ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుడి ముక్కులో ప్యాకింగ్ పెట్టారు. అప్పుడు బీపీ 190/100, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ 4.8. రెండు రోజులకు ప్యాక్ తీస్తే గంటలో మళ్లీ కారింది. బీపీ పెరిగి ముక్కులో నరాలు చిట్లుతున్నాయని మా ఊరి ఆర్‌ఎంపీ గారు నాలుక కింద ఏదో క్యాప్సూల్ పిండారు. అసిట్రోమ్ వల్లే ఇదంతా అనుకుని నాలుగు రోజులుగా ఆపేశాం. ఇప్పుడు రక్తం రావడం లేదు. వచ్చే నెల చెకప్ దాకా ఇలాగే ఉండొచ్చా? ముక్కులో కాల్చాలి అంటున్నారు, ఈ వయసులో ఫరవాలేదా? దీనికి ముందు పంటినొప్పికి వారం రోజులు మందులు వాడారు. అంతకుమించి కొత్తగా ఏమీ లేదు.
— ఒక కోడలు, పల్నాడు జిల్లా

అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు ఫోన్ తీసి మామగారి గుండె డాక్టరుకు ఈరోజే చెప్పండి: "మెటల్ వాల్వ్ ఉన్న మనిషి, నాలుగు రోజులుగా అసిట్రోమ్ వేసుకోలేదు." అచ్చంగా ఈ మాటలే చెప్పండి. ముక్కు సంగతి రెండో వాక్యంలో చెప్పవచ్చు.

ఇంత తొందర ఎందుకంటే, అసిట్రోమ్ ప్రభావం ఒంట్లో ఎక్కువ రోజులు నిలవదు. ఆపిన రెండు మూడు రోజులకే రక్తం మామూలు మనిషి రక్తంలాగే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మామూలు మనిషికి అది మంచిదే. కానీ మీ మామగారి గుండెలో ఉన్నది లోహం. రక్తం దాన్ని తాకిన ప్రతిసారీ గడ్డ కట్టాలని చూస్తుంది. అందులోనూ మైట్రల్ స్థానంలో రక్తం నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో కదులుతుంది కాబట్టి అక్కడ గడ్డ ఏర్పడే భయం ఇంకా ఎక్కువ. ఆ గడ్డ వాల్వ్ రెక్కల మధ్య ఇరుక్కుంటే వాల్వ్ బిగుసుకుపోతుంది. ఊడి మెదడుకు పోతే పక్షవాతం. ముక్కు రక్తం దుప్పటిని ఎర్రగా చేస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. వాల్వ్ మీద గడ్డ మాత్రం చప్పుడు లేకుండా పేరుకుంటుంది.

నిజానికి చప్పుడు మారుతుంది. మెటల్ వాల్వ్ ఉన్నవారి పక్కన రాత్రి నిశ్శబ్దంలో కూర్చుంటే గడియారంలా టిక్ టిక్ వినపడుతుంది. మీ అత్తగారిని అడగండి, ఆవిడకు పదమూడేళ్లుగా అలవాటైన శబ్దం అది. ఆ టిక్ మందగించినా, వినపడకపోయినా, కొత్తగా ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఫోన్లతో పొద్దు పుచ్చకండి. నేరుగా గుండె విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అవేమీ లేకపోతే డాక్టరు పాత డోసే మళ్లీ మొదలుపెట్టమని, కొద్ది రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించమని అనవచ్చు. లేదా ఐఎన్‌ఆర్ పైకొచ్చేదాకా హెపారిన్ ఇంజెక్షన్లు ఇవ్వాలనుకోవచ్చు. ఆ నిర్ణయం ఆయనది. నాలుగు రోజులు పోయాయి కదా అని మీరు మాత్రం రెండు మాత్రలు ఒకేసారి వేయకండి. అసిట్రోమ్ మాని "ఐఎన్‌ఆర్ అక్కర్లేని కొత్త మాత్ర" వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గుండె లయ తప్పినవారికి ఆ కొత్త మందులు బాగానే పనిచేస్తాయి, మెటల్ వాల్వ్ ఉన్నవారికి పనికిరావు.

ఇక ముక్కు. ఈ గొడవంతా అర్థం కావాలంటే రెండు విషయాలు వేరు చేసి చూడాలి. రక్తం ఎక్కడి నుంచి వస్తోంది అన్నది ఒకటి, ఎందుకు ఆగడం లేదు అన్నది ఇంకొకటి. పల్చబరిచే మాత్ర ముక్కుకు చిల్లు పెట్టదు. చిల్లు పడితే దాన్ని త్వరగా పూడనివ్వదు, అంతే. కుళాయి కారుతుంటే వాషర్ చూస్తాం గానీ ఊరి వాటర్ ట్యాంకు ఖాళీ చేయించం కదా.

ఆ చిల్లు సాధారణంగా ముక్కు మధ్య గోడ మీద, రంధ్రం అంచు నుంచి వేలి మొదటి కణుపు అందేంత దూరంలో ఉంటుంది. నాలుగైదు చిన్న రక్తనాళాలు వచ్చి కలుసుకునే కూడలి అది. మేం లిటిల్స్ ఏరియా అంటాం. మన వాడుకలో రక్తనాళాన్నీ నరమే అంటాం కాబట్టి మీరు రాసిన "నరం చిట్లడం" ఇక్కడే. పైన పొర చాలా పల్చన. గాలి తగిలి ఎండుతుంది, పక్కు కడుతుంది, పక్కు ఊడితే కింద నాళం నోరు తెరుస్తుంది. పడుచువాళ్లలో నాళం గోడలోని కండ పొర వెంటనే ముడుచుకుని నోరు మూసేస్తుంది. డెబ్బై దాటినవాళ్లలో ఆ కండ చాలావరకు పోయి నార పేరుకుంటుంది. తెగిన గొట్టం తెరుచుకునే ఉండిపోతుంది. కొందరు పెద్దవాళ్లలో రక్తం వెనక వైపు పెద్ద నాళం నుంచి వస్తుంది. ముందు గట్టిగా మూసినా గొంతులోకి ధారగా దిగుతుంటే అది వెనకదని అనుమానించాలి. ఈ రెండిట్లో మామగారిది ఏదన్నది చూస్తేనే తెలుస్తుంది. ప్యాక్ పెట్టిన రోజు తొందరలో ఎవరూ ఆ చోటు వెతికినట్టు లేదు. అసలు చేయాల్సిన పని అక్కడే మిగిలిపోయింది.

ఎందుకు ఆగలేదన్న దానికి జవాబు మీ ఉత్తరం చివరి వాక్యాల్లో ఉంది. పంటినొప్పి మందులు. చిగుళ్ల వాపుకు మన దగ్గర దాదాపు అలవాటుగా రాసేది మెట్రోనిడజోల్ కలిసిన యాంటీబయాటిక్, దానికి తోడు ఒక నొప్పి మాత్ర. మెట్రోనిడజోల్ అసిట్రోమ్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుకుంటుంది. దాంతో అదే మాత్ర రెండింతలు వేసుకున్నట్టు పనిచేస్తుంది. మైట్రల్ మెటల్ వాల్వ్‌కి ఐఎన్‌ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీకు 4.8 వచ్చింది. పైగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ప్లేట్‌లెట్లను కూడా మందగింపజేస్తుంది. నా అనుమానం సరైనదో కాదో పాత మందుల చీటీ తీసి చూస్తే తెలిసిపోతుంది. అదే నిజమైతే ఆ పంటి మందులు ఆపేశాక ఐఎన్‌ఆర్ దానంతటదే దిగుతుంది, అసిట్రోమ్‌ను శాశ్వతంగా దోషిని చేయనక్కర్లేదు. మళ్లీ పన్ను నొప్పి పుట్టినా, మోకాలు పట్టేసినా, గజ్జికి మాత్రలు రాసినా ఆ చీటీ మీద పెన్నుతో పెద్దగా "అసిట్రోమ్ వాడుతున్నారు" అని రాయించి అప్పుడే మందులు కొనండి. నొప్పికి పారాసిటమాల్ కాస్త మేలు. అదీ రోజుల తరబడి వేస్తే ఐఎన్‌ఆర్ పెంచుతుంది, కాబట్టి చెప్పి వాడండి.

బీపీ సంగతి. 190/100 చూసి అందరూ అదే కారణమనుకున్నారు. ఆ అంకె ఏ క్షణంలోదో ఒకసారి గుర్తు చేసుకోండి. చొక్కా నిండా రక్తం, చుట్టూ కేకలు, ఆటోలో కుదుపులు, ముక్కులో గుడ్డ దూరుస్తున్న నొప్పి. ఆ సమయంలో నా చేతికి బీపీ పట్టీ కట్టినా దాదాపు అంతే చూపిస్తుంది. రక్తస్రావం, భయం కలిసి బీపీని పెంచాయి. బీపీ పెరిగి ముక్కు పగిలిందనడానికి ఆ ఒక్క అంకె సాక్ష్యం కాదు. అలాగని బీపీకి సంబంధమే లేదనడం కూడా తప్పే. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ నాళాల గోడలను గట్టిపరుస్తుంది. కారడం మొదలయ్యాక ఒత్తిడి ఎక్కువుంటే గడ్డ నిలదొక్కుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. అందుకే బీపీ ఉన్నవాళ్లు ఆసుపత్రిదాకా రావడం, ప్యాక్ అవసరమవడం ఎక్కువగా చూస్తాం.

అయితే ఆ బీపీని ఒక్క ఊపున కిందికి లాగకూడదు. నాలుక కింద పిండింది నిఫెడిపిన్ క్యాప్సూల్ అయి ఉంటుందని నా ఊహ. ఒకప్పుడు అంతటా వాడేవారు. బీపీ ఎంత పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదని, దభాలున పడిపోయి పక్షవాతాలూ గుండెపోట్లూ వచ్చాయని తెలిశాక మానేశారు. ఊళ్లలో ఇంకా మిగిలిపోయింది. ఆర్‌ఎంపీ గారు మంచి మనసుతోనే చేసి ఉంటారు, మళ్లీ మాత్రం చేయనివ్వకండి. చాలామందిలో ముక్కు నొక్కి రక్తం ఆపి, మనిషిని కుదుటపరిస్తే బీపీ చాలావరకు దానంతటదే దిగుతుంది. దిగకుండా అంతెత్తునే ఉంటే ఆసుపత్రిలో గంటల మీద నెమ్మదిగా తగ్గిస్తారు.

అసలు బీపీ ఎంతో తెలుసుకోవాలంటే ఇంట్లో మిషను ఉంటే వారం రోజులు చూడండి. పొద్దున మాత్రకు ముందు, సాయంత్రం ఒకసారి. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక కొలవాలి. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలిచి రెండూ రాయండి. వారం సగటు 135/85 దాటుతుంటే బీపీ మాత్ర సరిచేయాలి, ఆ కాగితం గుండె డాక్టరుకే చూపించండి.

ప్యాక్ తీసిన గంటకే మళ్లీ ఎందుకు కారింది? ఈ ప్రశ్న మీరు అడగలేదు కానీ నాకైతే అదే ముఖ్యం. సాధారణంగా పెట్టేది బిళ్లలా నొక్కి ఉంచిన స్పాంజి. లోపలికి తోసి సెలైన్ పోయగానే ఉబ్బి గోడను అదుముతుంది. రెండు మూడు రోజులుంచి లాగేస్తారు. స్పాంజి రంధ్రాల్లో రక్తం గడ్డకట్టి గోడకు అతుక్కుపోయి ఉంటుంది. లాగినప్పుడు దాంతోపాటు పైపొర గీసుకుపోతుంది. మామూలు మనిషికి ఆ గీత నుంచి రక్తం కొద్దిసేపట్లోనే ఆగిపోతుంది. ఐఎన్‌ఆర్ నాలుగు దాటిన మనిషికి అదే కొత్త గాయం. ఒక చిల్లు పూడ్చబోయి పది గీతలు పెట్టినట్టయింది. అందుకే పల్చబరిచే మందులు వాడేవారికి లాగక్కర్లేని ప్యాక్, అంటే లోపలే కరిగిపోయే జిలాటిన్ స్పాంజి, సెల్యులోజ్ వల లాంటివి వాడడం మేలని ఇప్పటి పద్ధతి. స్పాంజే పెట్టాల్సి వస్తే, తీసే ముందు సెలైన్‌తో బాగా నానబెట్టి పది నిమిషాలు ఆగి మెల్లగా తీయాలి. ఈసారి అవసరం పడితే "కరిగే ప్యాక్ పెడతారా సార్" అని మీరు అడగొచ్చు, తప్పు లేదు. చిన్న ఊళ్లలో అన్నిచోట్లా దొరకదు, దొరకని పక్షంలో రక్తం ఆపడమే ముఖ్యం.

ప్యాక్ ఉన్న రోజుల్లో ముసలివాళ్లు నోటితో ఊపిరి పీలుస్తారు, నిద్ర ఉండదు, తిండి సయించదు. గొంతు దాకా వెనక ప్యాక్ పెడితే ఇంటికి పంపకూడదు. నిద్రలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి వేలికి క్లిప్ పెట్టి ఆసుపత్రిలోనే కనిపెట్టాలి.

కాల్చడం అనగానే అట్లకాడ గుర్తొస్తుందేమో, అంత భయం అక్కర్లేదు. మామగారికి ఎక్కువ మేలు చేసేది ఇదే, వయసు దీనికి అడ్డు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, మత్తుమందు, నాళాలను ముడిచే మందు కలిపి తడిపిన దూది పేలికను ముక్కులో పది నిమిషాలు ఉంచుతాం. తీశాక లైటుతోనో సన్నటి దుర్బిణీతోనో చూస్తే గోడ మీద ఆవగింజంత ఎర్రటి చుక్కో, మెలిక తిరిగిన నాళమో కనపడుతుంది. ఒక్కోసారి కనపడదు. అప్పుడు దూదిపుల్లతో మెల్లగా రుద్దితే అదే పైకి తేలుతుంది. సిల్వర్ నైట్రేట్ అంటించిన అగ్గిపుల్లంత కడ్డీతో ముందు ఆ చుక్క చుట్టూ, చివరికి చుక్క మీద కొన్ని సెకన్లు తాకిస్తాం. అక్కడ బూడిదరంగు తెల్లటి మచ్చ పడుతుంది. కాస్త చురుక్కుమంటుంది, కంట్లో నీళ్లు, రెండు తుమ్ములు. పై పెదవి మీద కారితే నల్ల మరక పడి కొన్ని రోజులుంటుంది, కంగారు పడకండి.

రక్తం ధారగా కారుతుండగా ఈ కడ్డీ పనిచేయదు. రసాయనం రక్తంలో కొట్టుకుపోతుంది. అప్పుడు కరెంటుతో కాల్చే బైపోలార్ పరికరం కావాలి. ఈ లెక్కన రక్తం ఆగిన ఈ రోజులే మీకు సరైన సమయం. ఐఎన్‌ఆర్ 2.5 - 3.5 మధ్య ఉండగానే ఇది చేయొచ్చు, దీనికోసం అసిట్రోమ్ ఆపాల్సిన పని లేదు. ఎవరైనా "మాత్ర వారం ఆపి రండి" అంటే గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి.

ఒక్క జాగ్రత్త. ఒకే రోజు రెండు వైపులా ఒకే ఎత్తులో కాల్చకూడదు. మధ్య గోడలోని మృదులాస్థికి సొంతంగా రక్తం లేదు, రెండు పక్కల పొరల నుంచే తెచ్చుకుంటుంది. రెండు పొరలూ ఒకేచోట మాడితే ఆ ముక్క చచ్చి గోడకు కన్నం పడుతుంది. నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, గుండెలో స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడే మనిషి. తలుపు తెరుచుకుని లోపలికి వస్తుంటేనే సన్నగా ఈల వినపడింది. అది ఆయన ఊపిరి. ఎక్కడో ఏడాదిలో నాలుగుసార్లు రెండు వైపులా కాల్చారట. ఇప్పుడు ఆ కన్నం అంచులు ఎండి అక్కడి నుంచే రక్తం. మీరు కుడి ముక్కనే రాశారు, కుడివైపే కాల్పించండి. ఎడమది అవసరమైతే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

కాల్చాక రెండు వారాలు గట్టిగా చీదకూడదు, వేలు పెట్టకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ పెసరగింజంత చిటికెన వేలితో రంధ్రం లోపలి అంచుకు రాసి, బయట నుంచి ముక్కు మెల్లగా నలిపితే చాలు, అదే లోపలికి పాకుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు సెలైన్ స్ప్రే. చాలా ఇళ్లలో ముక్కులో నెయ్యో నువ్వుల నూనో చుక్కలు వేసే అలవాటు ఉంది. పెద్దవాళ్లకు, అదీ పడుకోబెట్టి, వద్దు. తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము తెస్తుంది. ముక్కుపొడి సంగతి మీరు రాయలేదు. మామగారి బొడ్డు సంచిలోనో దిండు కిందో ఒక చిన్న డబ్బా దొరికితే మాత్రం ముందు దాన్ని మాన్పించాలి. రోజుకు పదిసార్లు ఆ గోడను గీరుతుంటే ఎవరు కాల్చినా నిలవదు. ఆయన ఫ్యాన్ కిందే పడుకుంటారా అని కూడా చూడండి, మొహానికి నేరుగా తగలకుండా మంచం జరపండి.

ఈలోగా మళ్లీ కారితే ఇలా చేయండి. కూర్చోబెట్టండి, తల ముందుకు వంచండి. తల వెనక్కి వాల్చడం, పడుకోబెట్టడం, నెత్తిన చన్నీళ్లు పోయడం వద్దు. వెనక్కి వాల్చితే రక్తం ఆగినట్టు కనపడుతుంది గానీ కడుపులోకి పోతుంది, తర్వాత నల్లటి వాంతి అవుతుంది. పైన ఎముక ఉన్నచోట కాదు, దాని కింద మెత్తగా ఉండే భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండు వైపులా గట్టిగా మూసి పట్టండి. పెద్దవాళ్ల వేళ్లు వణుకుతాయి, మీరో మీ వారో పట్టుకోండి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. ఆగిందేమో అని మధ్యలో వదిలి చూశారంటే అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోతుంది, లెక్క మొదటికొస్తుంది. నోటితో ఊపిరి పీల్చమనండి, నోట్లోకి వచ్చింది గిన్నెలోకి ఉమ్మేయమనండి, ఎంత పోయిందో డాక్టరుకు చూపించడానికీ పనికొస్తుంది. ఆగకపోతే ముక్కు దిబ్బడకు వాడే జైలోమెటాజోలిన్ చుక్కలతో తడిపిన దూది ఆ రంధ్రంలో పెట్టి ఇంకో పదిహేను నిమిషాలు. అది గుండె, బీపీ ఉన్నవారికి రోజూ వాడే మందు కాదు, ఇలాంటప్పుడు ఒకసారికి వాడవచ్చా అని ఈరోజు ఫోన్ చేసినప్పుడే అడిగి పెట్టుకోండి. అరగంట దాటినా, ముందు మూసినా గొంతులోకి దిగుతున్నా, కళ్లు తిరిగినా, ఒళ్లు చల్లబడినా బయల్దేరండి. దారి పొడవునా ముక్కు పట్టుకునే ఉండండి. ఐఎన్‌ఆర్ పుస్తకం, మందుల చీటీలు చేతిలో ఉండాలి. అక్కడ "మెటల్ వాల్వ్" అన్న మాట ముందు చెప్పండి. లేకపోతే ఎవరో ఒకరు విటమిన్ కె ఇంజెక్షన్ ఎక్కువ మోతాదులో వేసేస్తారు, ఆ తర్వాత కొన్ని రోజులపాటు అసిట్రోమ్ ఎంత వేసినా ఐఎన్‌ఆర్ ఎక్కదు.

నాలుగుసార్లు కారింది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించండి. ఈఎన్‌టీ డాక్టరు దుర్బిణీతో చూసినప్పుడు ముక్కు వెనక భాగం కూడా పూర్తిగా చూడమనండి. ఒకే వైపు పదేపదే రక్తం, ఆ వైపే ముక్కు బిగుసుకోవడం ఉంటే లోపల కణితి ఏదైనా ఉందేమో తేల్చుకోవాలి. చోటు వెనకదని తేలి, కాల్చినా ప్యాక్ పెట్టినా ఆగకపోతే, ఆ భాగానికి రక్తం తెచ్చే స్ఫీనోపాలటైన్ అనే నాళాన్ని దుర్బిణీ ద్వారా క్లిప్ వేసి మూసే ఆపరేషన్ ఉంది. గుంటూరు, విజయవాడ లాంటి చోట్ల చేస్తారు. రోజుల తరబడి ప్యాక్ మీద ప్యాక్ పెట్టుకుంటూ కూర్చోవడం కన్నా వాల్వ్ ఉన్న మనిషికి అదే నయం, ఎందుకంటే అసిట్రోమ్ ఆగే రోజులు తగ్గుతాయి.